రెండేళ్ల యజమానులు

ఏడాది దాటిన పసివాళ్లంత దాతలు ఇంట్లో ఇంకెవరూ ఉండరు. చప్పరించి చప్పరించి మెత్తబడ్డ బిస్కెట్ ముక్కను మన నోట్లో కుక్కుతారు. తాళంచెవి, దువ్వెన, చీపురుపుల్ల, ఏది దొరికితే అది బుడిబుడి అడుగులతో తెచ్చి చేతిలో పెడతారు. వచ్చిన చుట్టాలంతా మురిసిపోతారు. మరో ఎనిమిది నెలలు గడిచేసరికి అదే పిల్ల పక్కింటి పిల్లాడు తన బంతి వైపు చూస్తేనే "నాది!" అని కేక పెడుతుంది. బంతిని పొట్టకు అదుముకుని గోడ మూలకు పోయి నిలబడుతుంది. పెద్దవాళ్లకు తల కొట్టేసినంత పని. "ఎవర్ని చూసి నేర్చుకుందో", "అచ్చం మేనత్త పోలిక", "ఒక్కతే పిల్ల కదా, గారం ఎక్కువైంది" అంటూ తలా ఒక కారణం చెబుతారు.

మేనత్తను వదిలేయొచ్చు. దాతృత్వం పోయి పిసినారితనం వచ్చినట్టు మనకు కనిపిస్తున్నది నిజానికి వెనకడుగు కాదు.

అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన హారియెట్ రైన్‌గోల్డ్, ఆమె సహచరులు 1976లో ఒక పరిశీలన ప్రచురించారు. పదిహేను, పద్దెనిమిది నెలల పిల్లలను తల్లులతో పాటు బొమ్మలున్న గదిలో వదిలి చూశారు. ఎవరూ అడక్కుండానే పిల్లలు వస్తువులను చేత్తో చూపించారు, ఎత్తి పట్టుకున్నారు, తల్లికీ ఇతరులకూ తెచ్చి ఇచ్చారు. అంటే ఆ వయసులో ఇవ్వడం ఏ ఒక్క మంచి పిల్లకో ఉండే గుణం కాదు, దాదాపు పిల్లలందరూ చేసే పని. అయితే ఆ ఇవ్వడాన్ని కాస్త దగ్గర నుంచి చూడండి. చేతిలో పెట్టిన తాళంచెవిని మరుక్షణమే వెనక్కి లాక్కుంటారు, మళ్లీ పెడతారు. వాళ్లకు కావాల్సింది మన చూపు, మన నవ్వు, మనతో ఆ ఇచ్చిపుచ్చుకునే ఆట. తాళంచెవి తనదన్న ఊహ లేదు కాబట్టి ఇచ్చినందువల్ల పోయేదీ లేదు. పోయేదేదో ఉందని తెలిసిన రోజున లెక్క మారుతుంది.

ఆ తెలియడం ఎప్పుడు మొదలవుతుందో చూడటానికి మనస్తత్వ శాస్త్రంలో ఒక చిన్న పరీక్ష ఉంది. పిల్లకు తెలియకుండా ముక్కు మీద ఎర్ర రంగు చుక్క పెట్టి అద్దం ముందు నిలబెడతారు. ఏడాది పిల్ల అద్దంలో కనిపించేది ఎవరో ఇంకో పాప అనుకుని నవ్వుతుంది, అద్దాన్ని తడుతుంది, వెనక్కి వెళ్లి వెతుకుతుంది. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్యలో ఏదో ఒక రోజు అద్దం వదిలేసి తన ముక్కునే తడుముకుంటుంది. ఆ కనిపించేది తానే అని తెలిసింది. బ్యులా ఆమ్‌స్టర్‌డామ్ అనే పరిశోధకురాలు పిల్లలపై చేసిన ఈ పరీక్షను 1972లో ప్రచురించారు. మన ఇళ్లలో దీన్ని చేసి చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. పుట్టినప్పటి నుంచి బుగ్గన, అరికాలున దిష్టిచుక్క అలవాటైన పిల్లకు ముఖం మీద ఇంకో చుక్క పెద్ద వింతేమీ కాకపోవచ్చు. తుడుచుకోలేదని తనను తాను గుర్తుపట్టలేదని తేల్చేయకూడదు.

ఈ అద్దానికీ, బొమ్మల కోసం జరిగే కొట్లాటకూ ముడి ఉందని చూపినవారు లారా లెవీన్. 1983లో వచ్చిన ఆమె పరిశోధనలో రెండేళ్ల మగపిల్లలు మాత్రమే ఉన్నారు. ముందుగా ఒక్కొక్కరికీ తన గురించిన ఎరుక ఎంతవరకు వచ్చిందో చూశారు. అద్దంలో తనను గుర్తుపడుతున్నాడా, నేను, నువ్వు, నాది, నీది లాంటి మాటలు ఎవరికి చెందుతాయో తెలుస్తోందా అన్నది తేల్చుకున్నారు. తర్వాత ముఖపరిచయం లేని ఇద్దరిద్దరిని ఒక గదిలో బొమ్మల మధ్య వదిలారు. తన గురించి ఎక్కువ ఎరుక ఉన్న పిల్లలే "ఇది నాది" అని ఎక్కువగా హక్కు చాటారు. ఇంతవరకు అనుకున్నదే. ఆశ్చర్యం తర్వాత ఉంది. హక్కు చాటిన ఈ పిల్లలు మొండిగా ముడుచుకుని కూర్చోలేదు. ఎదుటి పిల్లాడిని గమనించడం, అతనితో మాట కలపడం, కలిసి ఆడటం కూడా వీళ్లలోనే కనిపించింది. ముందు ఏది ఎవరిదో తేల్చుకుని, ఆ తర్వాత స్నేహం మొదలుపెట్టారన్నమాట. పరిశోధన చిన్నది, మగపిల్లలతోనే చేసినది. అయినా "నాది" అనడం స్వార్థానికి ఆనవాలు అన్న మన పాత నమ్మకాన్ని కుదపడానికి అది చాలు.

ఇక్కడ పిల్ల నేర్చుకుంటున్న విషయం ఎంత కష్టమైనదో మనం మరచిపోతాం. వస్తువుకు రంగు ఉంటుంది, బరువు ఉంటుంది, ఆకారం ఉంటుంది. కానీ అది ఎవరిదన్న సంగతి దాని మీద ఎక్కడా కనిపించదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన రుమాలును చూసి, మనిషి లేకపోయినా ఆ సీటు ఒకరిదైపోయిందని పెద్దవాళ్లమంతా ఒప్పుకుంటాం. సొంతం అన్నది అటువంటి కంటికి కనబడని ముడి. పట్టుకోకపోయినా నాదే, పక్కన పెట్టినా నాదే, నువ్వు ఆడుకుంటున్నా నాదే. ఇందులో మొదటి రెండు ముక్కలు రెండేళ్ల పిల్లకు అందుతాయి. మూడోది, అంటే ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు కూడా నాదిగానే ఉంటుందన్నది ఇంకా అందదు. పైగా "కాసేపు", "తర్వాత", "మళ్లీ ఇస్తాడు" అన్న మాటలకు ఆ వయసులో కొలత లేదు. పెద్దవాళ్లు కాసేపు ఇవ్వమని అడుగుతారు. పిల్ల చెవికి అది వదులుకోమన్నట్టే వినిపిస్తుంది.

ఆ మధ్య ఒక ఇంట్లో చూసింది చెబుతాను. పాపకు రెండేళ్ల రెండు నెలలు. పెద్దమ్మ కొడుకు వచ్చాడు, మూడేళ్లు నిండబోతున్న వాడు. మంచం కింద వారం రోజులుగా దుమ్ము కొట్టుకుంటున్న ఏటికొప్పాక లక్క బొమ్మ ఒకటి వాడి కంట పడింది. తాడు కట్టి లాగే చిన్న బండి. వాడు తాడు పట్టుకుని రెండడుగులు వేశాడో లేదో, అప్పటిదాకా గిన్నెలతో ఆడుకుంటున్న పాప పరుగున వచ్చి బండి మీద పడింది. "నాదీ! నాదీ!" అమ్మమ్మ లేచింది. "నువ్వు ఆడుకోవట్లేదు కదమ్మా, అన్నకివ్వు. మా బంగారు తల్లివి కదూ." పాప ఇవ్వలేదు. అమ్మమ్మ మెల్లిగా వేళ్లు విడదీసి బండి తీసి పిల్లాడికిచ్చింది. పాప నేల మీద పడి దొర్లింది. కాస్త తేరుకున్నాక పోయి వాడి చెయ్యి కొరికింది. వాడూ ఏడుపు అందుకున్నాడు. బండి అల్మరా మీదికి ఎక్కింది.

అమ్మమ్మ మాటలో తర్కం ఉంది. వాడని వస్తువు అడిగినవాళ్లకు ఇస్తే తప్పేమిటి? అయితే పాప అక్కడ కాపాడుకున్నది ఆటను కాదు. బండి మంచం కింద ఉన్నా తనదేనన్న ముడిని. ఇంకొకరు తాడు పట్టుకున్న క్షణాన ఆ ముడి తెగిపోతోందనిపించింది. వారం రోజులు పట్టించుకోని బొమ్మ వేరేవాడి చేతిలో పడగానే ఒక్కసారిగా ప్రాణమైపోవడానికి కారణం ఇదే. అందులో కొంత పోటీ కూడా ఉండి ఉంటుంది, కాదనను. వేరేవాళ్లు ఆడుతున్న బొమ్మ ముచ్చటగా కనిపించడం ఏ వయసువాళ్లకైనా ఉన్నదే.

ఆ మూడు నాలుగు నిమిషాల్లో పాప ఏం నేర్చుకుని ఉంటుంది? పంచుకోవడం మాత్రం కాదు. బలమున్నవాళ్లు లాక్కోవచ్చని, మెత్తని మాటలతో లాక్కోవచ్చని నేర్చుకుని ఉండొచ్చు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో హిల్డీ రాస్ ఇళ్లకే వెళ్లి, రెండేళ్ల, నాలుగేళ్ల తోబుట్టువుల మధ్య వస్తువుల కోసం జరిగే తగాదాలను నమోదు చేయించారు. 1996లో ఆమె రాసినదాని ప్రకారం, పిల్లలకు తమలో తాము ఒక న్యాయం ఉంది. వస్తువు ఎవరిదన్న దానికి పెద్ద పీట వేస్తారు. ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందన్నది దాని తర్వాతే. వస్తువు సొంతదారు తగాదాలో నెగ్గే అవకాశమూ ఎక్కువే. పెద్దవాళ్లు మధ్యలోకి వచ్చినప్పుడు మాత్రం ఆ న్యాయం నిలకడగా ఉండదు. ఒకసారి "అది వాడిది, ఇచ్చెయ్" అంటారు, ఇంకోసారి "నీదైతే ఏంటి, ఇవ్వాలి" అంటారు. ఎవరి ఏడుపు గట్టిగా వినిపిస్తే తీర్పు అటు మొగ్గుతుంది. ఇది చదివి నవ్వుకోని తల్లిదండ్రులు ఉండరనుకుంటాను.

సొంతం అంటే పిల్లకు ఎంతవరకు అర్థమైందో తెలుసుకోవడానికి జర్మనీలో ఒక తమాషా ప్రయోగం చేశారు. ఫెదరికో రొస్సానో, హానెస్ రాకోట్సి, మైకేల్ టొమసెల్లో కలిసి చేసి 2011లో ప్రచురించారు. పిల్ల ముందు ఒక చేతిబొమ్మను ఆడిస్తారు. అది వచ్చి ఒక వస్తువును ఎత్తుకుపోతానంటుంది, లేదా పారేస్తానంటుంది. ఆ వస్తువు ఒక్కోసారి పిల్లది, ఒక్కోసారి గదిలో ఉన్న ఇంకొకరిది. తన వస్తువు మీద చెయ్యి పడినప్పుడు రెండేళ్ల పిల్లలూ మూడేళ్ల పిల్లలూ అడ్డుపడ్డారు. ఇంకొకరి వస్తువు దగ్గర తేడా తెలిసింది. రెండేళ్ల పిల్లలు దాన్ని తమ బాధగా తీసుకోలేదు. మూడేళ్ల పిల్లలు మాత్రం ఊరుకోలేదు, "అది నీది కాదు" అన్నట్టు ఆ చేతిబొమ్మను నిలదీశారు. ఒక్క ఏడాది తేడాలో "నాది ముట్టుకోకు" అన్నది "ఎవరిదీ అడక్కుండా తీసుకోకూడదు" అన్న నియమంగా మారింది. తనకు లాభం లేని చోట కూడా ఆ నియమం కోసం నోరు విప్పారు. మనం సమాజంలో హక్కు అని పిలుచుకునే దానికి ఇది తొలి రూపం. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. మూలన బంతిని అదుముకుని నిలబడ్డ పిల్లలోనే మొదలైంది.

పంచుకోవడం కూడా అక్కడి నుంచే వస్తుందని మరో ఆధారం ఉంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన సీలియా బ్రౌనెల్ బృందం ఏడాదిన్నర, రెండేళ్ల వయసు పిల్లలతో చేసి 2013లో ప్రచురించిన పరిశోధన అది. పిల్ల దగ్గర బొమ్మలో తినుబండారమో ఉంటుంది, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి దగ్గర ఏమీ ఉండదు. ఆమె మొదట ఊరికే చూస్తుంది, తర్వాత తన దగ్గర లేదన్నట్టు చెబుతుంది, చివరికి కావాలని నేరుగా అడుగుతుంది. రెండేళ్ల పిల్లలు తొందరగా, ఎక్కువసార్లు ఇచ్చారు. ఏడాదిన్నర పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఏది ఎవరిదన్న అవగాహన ఎక్కువగా ఉన్న పిల్లలే పంచుకోవడంలోనూ ముందున్నారు. నాది అన్న ఊహ గట్టిపడ్డ చోటే నీది అన్నదానికీ చోటు దొరుకుతుందన్నమాట. తనది కానిదాన్ని ఎవరు మాత్రం ఇవ్వగలరు?

అలాగని పిల్ల కేక పెట్టినప్పుడల్లా చేతులు కట్టుకుని చూడమని కాదు. కొరకడం, జుట్టు పీకడం అక్కడికక్కడే ఆపాల్సినవే. బొమ్మ సంగతి వేరు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో నాడియా చెర్న్యాక్, తమర్ కుష్నిర్ మూడు, నాలుగేళ్ల పిల్లలతో చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. ఇది కూడా 2013 నాటిదే. దిగులుగా ఉన్న ఒక కుక్కబొమ్మను చూపించి, పిల్లల చేతిలో ఒక స్టిక్కర్ పెట్టారు. కొందరికి నిజమైన ఎంపిక ఇచ్చారు. స్టిక్కర్ నువ్వే ఉంచుకోవచ్చు, లేదా కుక్కకు ఇవ్వచ్చు. ఇంకొందరికి ఎంపిక లేదు, ఇచ్చి తీరాలన్నారు. తర్వాత మరో బొమ్మను తెచ్చి, ఈసారి మూడు స్టిక్కర్లు చేతిలో పెట్టి, ఎన్ని ఇస్తారో వాళ్లకే వదిలేశారు. మొదట తమకు తాముగా, తమ నష్టానికి ఒప్పుకుని ఇచ్చినవాళ్లే రెండోసారీ ఎక్కువ ఇచ్చారు. బలవంతంగా ఇప్పించినవాళ్లు అంత ఇవ్వలేదు. తానే ఇచ్చానన్న ఎరుక పిల్లకు తన గురించి ఒక సంగతి చెబుతుంది. చేతిలోంచి లాగి ఇప్పించినప్పుడు అటువంటి సంగతేమీ మిగలదు.

ఆ ఇంట్లో సాయంత్రం జరిగింది ఇందుకు దగ్గరగా ఉంది. బండి అల్మరా మీంచి దిగింది. ఈసారి పాప వాళ్లమ్మ పక్కన కూర్చుంది. "ఇది నీ బండే. ఎవరూ తీసుకుపోరు. అన్న ఈ గుమ్మం దాకా లాగి మళ్లీ నీకే ఇస్తాడట. ఇస్తావా, దాచేద్దామా?" పాప బండి ఇవ్వలేదు. లోపలికి పోయి చక్రం ఊడిన ప్లాస్టిక్ కారు తెచ్చి అన్న చేతిలో పెట్టింది. అందరూ నవ్వారు కానీ, అది ఆ వయసుకు మంచి బేరమే. తనకు అక్కర్లేనిదైనా ఎదుటివాడికి ఏదో ఒకటి కావాలన్న సంగతి అర్థమైంది కదా. కొంతసేపటికి తాడు వాడి చేతిలో పెట్టి, వాడు కదలకముందే లాక్కుంది. మళ్లీ పెట్టింది. మూడోసారి వాడు గుమ్మం దాకా లాక్కుపోయి, పెద్దమ్మ గుర్తు చేస్తే తిప్పి తెచ్చాడు. పాప బండిని అటూ ఇటూ తిప్పి చూసుకుని మళ్లీ తాడు అందించింది.

ఇక్కడ పని చేసింది తీయని మాట కాదు, తిరిగి రావడం. "కాసేపు" అన్న మాటకు "గుమ్మం దాకా" అన్న కంటికి కనిపించే కొలత దొరికింది. బండి వెళ్లింది, వచ్చింది, ఇంకా తనదిగానే ఉంది. ఇందాక అందని మూడో ముక్క అదే. రెండు సార్లో, పది సార్లో ఇలా జరిగితేనే పిల్లకు నమ్మకం కుదురుతుంది. ఒక్కసారి తిరిగి రాకపోతే లెక్క మొదటికి వస్తుంది. అందుకే చుట్టాలు వచ్చేముందు పిల్లను అడిగి బాగా ఇష్టమైన ఒకటి రెండు బొమ్మలను బీరువాలో పెట్టేయడం మంచిది. మిగతావి అందరివీ అని ముందే తేల్చేస్తే సగం గొడవ ఉండదు. కొట్లాట వస్తుందని ఒకే రకం బొమ్మలు రెండు కొనేవాళ్లున్నారు. అది ప్రతిసారీ పని చేయదు. అచ్చు అలాంటిదే ఇంకొకటి ఇచ్చినా పిల్లకు కావాల్సింది ఆ ఒక్కటే.

"మా రోజుల్లో ఇవన్నీ లేవు, పదిమంది పిల్లలకూ కలిపి నాలుగు బొమ్మలు" అని పెద్దవాళ్లు అంటారు. నిజమే, బొమ్మలు తక్కువ. కానీ నా పీట, నా కంచం, అమ్మమ్మ పక్కన పడుకునే నా చోటు అంటూ అప్పుడూ కొట్టుకున్నారు. బొమ్మలు లేని ఇంట్లో అమ్మ ఒడే ఆస్తి. వేరే పిల్లను ఎత్తుకుంటే కాళ్లు పట్టుకుని లాగే రెండేళ్ల వాళ్లు ఏ కాలంలో లేరు?

పిల్ల "నాది" అంటోందని డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన పని లేదు. గమనించాల్సింది వేరే ఉంది. ఏడాదిన్నర వచ్చినా వస్తువులు తెచ్చి చూపించకపోవడం, వేలితో చూపించి మన చూపును అటు తిప్పుకోకపోవడం, పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించాలి. బొమ్మ లాక్కున్నందుకు ఇల్లు పీకి పందిరేసే పిల్ల ఎదుటి మనిషిని లెక్కలోకి తీసుకుంటోందనే అర్థం.

మూడేళ్లకు నియమం తెలిసింది కదా, ఇక పంచుకుంటారని ఆశ పడితే మాత్రం భంగపాటు తప్పదు. క్రెయిగ్ స్మిత్, పీటర్ బ్లేక్, పాల్ హారిస్ మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు స్టిక్కర్లు ఇచ్చి అడిగి చూశారు. సమానంగా పంచాలని మూడేళ్ల పిల్లలు కూడా చక్కగా చెప్పారు. పంచేటప్పుడు మాత్రం ఎక్కువ తమకే ఉంచుకున్నారు. అలా ఉంచుకుంటామని ముందే ఒప్పుకున్నారు కూడా. చెప్పినట్టే సగానికి సగం ఇవ్వడం ఏడెనిమిదేళ్ల పిల్లల్లోనే కనిపించింది. న్యాయం తెలిసిన నాలుగైదేళ్ల తర్వాత గాని చేతికి ఆ న్యాయం రాదన్నమాట. రెండేళ్ల పాపను "బంగారు తల్లివి కదూ" అని బతిమాలుతున్న అమ్మమ్మ ఐదారేళ్లు ముందుగా అడుగుతోంది.